అలీపేలో పిన్ కొట్టేముందు చూడాల్సిన అంకె

విశాఖ డాబాగార్డెన్స్‌లో ఫ్యాన్సీ షాపు నడిపే మా తమ్ముడు సరుకు కోసం చైనాలోని గ్వాంగ్‌జౌ వెళ్తుంటాడు. అక్కడ చిన్న కొట్టులో కూడా క్యూఆర్ స్కాన్ చేసే కడతారు కాబట్టి అక్కడి పేమెంట్ యాప్ అలీపేకి మన వీసా కార్డు జోడించుకున్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను.

విదేశీ కార్డుతో ఒక్కసారి కట్టేది 200 యువాన్‌ల లోపు ఉంటే అలీపే ఫీజు తీసుకోదు. దాటితే 3 శాతం పడుతుంది, అదీ మొత్తం సొమ్ము మీద. 240 యువాన్‌ల బిల్లుకు 7.20 ఫీజు కలిసి 247.20 అవుతుంది. పిన్ అడిగే ముందు తెరపై ఈ ఫీజు విడిగా కనిపిస్తుంది. అక్కడే ఆగి, కొట్టువాళ్లు ఒప్పుకుంటే 120 చొప్పున రెండుసార్లు కట్టండి. మన బ్యాంకు వేసే ఫారెక్స్ చార్జీ మాత్రం ఆ తెరపై ఉండదు, స్టేట్‌మెంట్‌లోనే తెలుస్తుంది.

పేమెంట్ ఫెయిలైతే కంగారుపడి మళ్లీ మళ్లీ నొక్కకండి. చాలాసార్లు అడ్డుపడేది వాలెట్ పరిమితి కాదు, మన కార్డు పరిమితి. మనం కొట్టులో నిలబడి స్కాన్ చేసినా బ్యాంకు దాన్ని ఆన్‌లైన్ లావాదేవీగానే చూస్తుంది. అందుకే విశాఖలో బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం ఆన్ చేసి, రోజువారీ పరిమితి సరిపడా పెట్టుకోండి. ఓటీపీ రావాలి కదా, సిమ్‌కు రోమింగ్ కూడా ఉండాలి.