‘అన్‌క్యూర్డ్’ బేకన్ పొట్లంపై చిన్న అక్షరాలు చదవండి

అమెరికా దుకాణాల్లో బేకన్, సాసేజ్ పొట్లాలపై ‘క్యూర్డ్’ అని ఉంటే, ఆ మాంసాన్ని ఉప్పుతోపాటు సాధారణంగా సోడియం నైట్రైట్ వేసి ఊరబెట్టారని అర్థం. మాంసం వండినా గులాబీ రంగు పోకుండా ఉండేది, ప్రాణాంతకమైన బొట్యులిజం సూక్ష్మజీవి పెరగకుండా ఆగేది ఈ నైట్రైట్ వల్లనే.

‘అన్‌క్యూర్డ్’ అన్న మాట చూసి నైట్రైట్ లేదనుకోవడం పొరపాటు. పొట్లం వెనక్కి తిప్పితే ‘నైట్రేట్లు, నైట్రైట్లు కలపలేదు’ అన్న వాక్యం కిందనే, సెలెరీ పొడిలో సహజంగా ఉన్నవి తప్ప అని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. సెలెరీ ఆకుకూరలో నైట్రేట్ సహజంగానే ఎక్కువగా ఉంటుంది. దానిని బ్యాక్టీరియాతో నైట్రైట్‌గా మార్చి మాంసంలో కలుపుతారు కనుక, శరీరానికి సెలెరీ నుంచి వచ్చిన నైట్రైట్, సోడియం నైట్రైట్ రెండూ ఒకటే. నైట్రైట్‌ను తగ్గించుకోవాలనుకునేవారు, ముఖ్యంగా పిల్లలకు పెట్టేవారు, ఈ మాటను నమ్మి ఎక్కువ ధర చెల్లించనవసరం లేదని నా అభిప్రాయం.

‘స్మోక్డ్’ అంటే పొగబెట్టినదని మాత్రమే, ఉడికినదని కాదు. పొగబెట్టిన బేకన్ చాలావరకు పచ్చిదే. ‘ఫుల్లీ కుక్డ్’ అని లేకపోతే తప్పక వండాలి. పచ్చి పంది సాసేజ్ అయితే లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి.