ఫోన్ దొంగతనం అయ్యాక సీఈఐఆర్‌లో బ్లాక్ పెట్టడం: ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఫోన్ పోయిన మర్నాడు నెట్ సెంటర్‌కి వెళ్లి, పోయిన ఫోన్‌ను మొబైల్ నెట్‌వర్క్‌ల మీద పనిచేయకుండా ఆపించే సీఈఐఆర్ ఫారం ఓపిగ్గా నింపి, చివర్లో ఓటీపీ దగ్గర ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. పోలీసు కంప్లయింట్ ఉంది, ఆధార్ ఉంది, డూప్లికేట్ సిమ్ కూడా పొద్దున్నే తెచ్చుకున్నారు. అయినా ఓటీపీ రాదు. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఒకాయన "నాకు లోపల తెలిసినవాళ్లున్నారండీ, ఎంతో కొంత ఇస్తే బ్లాక్ చేయించేస్తా" అంటాడు. ఆయన చేయగలిగేది ఏమీ లేదు. ఓటీపీ రాకపోవడానికి కారణం వేరే ఉంది, కాసేపట్లో చెప్తాను. సీఈఐఆర్ కేంద్ర టెలికాం శాఖ నడిపే వ్యవస్థ. 2023 మే నుంచి దేశమంతటా అందుబాటులో ఉంది, ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు.

వరుస అర్థం కావడానికి ఒక సందర్భం తీసుకుందాం. ఒక అమ్మాయి ఫోన్‌ను శనివారం సాయంత్రం 7 గంటలకు బస్టాండు రద్దీలో ఎవరో బ్యాగులోంచి తీసేశారు. ఆండ్రాయిడ్ ఫోన్, అందులో ఒకటే సిమ్. ఆ సిమ్ ఊళ్లో ఉన్న వాళ్ల నాన్న పేరు మీద ఉంది. బ్యాంకు ఖాతా, యూపీఐ అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉన్నాయి.

మొదట చేయాల్సింది ఫోన్‌ను లాక్ చేయడం. సిమ్ బ్లాక్ దాని తర్వాతే. చాలామంది కంగారులో కస్టమర్ కేర్‌కే ముందు ఫోన్ చేస్తారు. సిమ్ ఆగిపోగానే ఫోన్‌లో మొబైల్ డేటా కూడా ఆగిపోతుంది, ఇక మనం దూరం నుంచి పంపే లాక్ ఆదేశం దానికి చేరే దారి ఉండదు. అందుకే పక్కవాళ్ల ఫోన్ అడిగి తీసుకుని, android.com/find తెరిచి, పోయిన ఫోన్‌లో ఉన్న గూగుల్ ఖాతాతో లాగిన్ అయి లాక్ నొక్కాలి. ఐఫోన్ అయితే icloud.com/find లో Lost Mode పెట్టాలి. గూగుల్ లాగిన్‌కు రెండో ధ్రువీకరణ అడిగి, అది పోయిన ఫోన్‌కే వెళ్తుంటే android.com/lock ఉంది. అక్కడ ఫోన్ నంబరు ఇస్తే స్క్రీన్ లాక్ అవుతుంది. కాకపోతే ఆండ్రాయిడ్ 10 లేదా ఆపై వెర్షన్ ఉండాలి, ఆ సౌకర్యం ముందే ఆన్ చేసి ఉండాలి.

ఈ పనికి అయిదు నిమిషాలకు మించి వెచ్చించకండి. లాగిన్ కుదరకపోతే వదిలేసి సిమ్ సంగతి చూడండి. దొంగ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకుంటే మీ బ్యాంకు ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. స్క్రీన్ లాక్ ఎంత గట్టిదైనా దీన్ని ఆపలేదు. అదే కంపెనీ సిమ్ ఉన్న ఎవరి ఫోన్ నుంచైనా కస్టమర్ కేర్‌కు చేసి, నంబరు తాత్కాలికంగా ఆపమని అడగాలి. వాళ్లు సిమ్ ఎవరి పేరు మీద ఉందో, పుట్టిన తేదీ, చివరి రీచార్జ్ లాంటివి అడుగుతారు. మన ఉదాహరణలో అమ్మాయి తన పుట్టిన తేదీ చెప్తే వివరాలు సరిపోలలేదంటారు, అక్కడ చెప్పాల్సింది నాన్నగారిది. తర్వాత బ్యాంకుకు చేసి యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ ఆపించాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి చేయండి.

ఇంకో మాట. కోపంతో వెంటనే Factory reset నొక్కకండి. ఆండ్రాయిడ్‌లో డేటా చెరిపేశాక ఇక ఆ ఫోన్ ఎక్కడుందో మ్యాపులో కనిపించదు. అలాగే ఆ ఫోన్‌ను మీ ఖాతాలోంచి తీసేయకండి. ఖాతాకు కట్టుబడి ఉన్నంతకాలం దాన్ని కొత్తగా సెట్ చేసుకోవడం దొంగకు కష్టం.

ఇప్పుడు పోలీసు కంప్లయింట్. ఇక్కడ పొరపాటు జరిగేది ఐఎంఈఐ నంబరు దగ్గర. ఇది ఫోన్‌కు ఉండే 15 అంకెల నంబరు. రెండు సిమ్‌లు పట్టే ఫోన్‌కు రెండు ఉంటాయి, సిమ్ ఒకటే వాడుతున్నా సరే. కంప్లయింట్‌లో రెండూ రాయాలి. ఒకటే బ్లాక్ అయితే రెండో స్లాటులో వేరే సిమ్ వేసి వాడుకునే వీలు మిగిలిపోతుంది. కొన్నప్పటి పెట్టె మీద, బిల్లు మీద ఈ నంబర్లు ఉంటాయి. రెండూ లేవంటే కంగారు వద్దు, గూగుల్ ఖాతాతో ఫైండ్ పేజీలో మీ ఫోన్ పేరు పక్కన i గుర్తు నొక్కితే ఐఎంఈఐ కనిపిస్తుంది. ఆపిల్ వాళ్లకైతే account.apple.com లో పరికరాల జాబితాలో ఉంటుంది.

స్టేషన్‌లో కొన్నిసార్లు "పోగొట్టుకున్నాను అని రాయమ్మా, పని తొందరగా అయిపోతుంది" అంటారు. సీఈఐఆర్ వరకు చూస్తే పోయింది అని రాసినా, దొంగిలించారు అని రాసినా బ్లాక్ అవుతుంది. కానీ ఫోన్‌కు ఇన్సూరెన్స్ ఉంటే ఆ ఒక్క మాట మీదే క్లెయిము పోయే ప్రమాదం ఉంది. దొంగతనానికి డబ్బివ్వాలంటే కంపెనీలు సాధారణంగా ఎఫ్ఐఆర్ అడుగుతాయి. జరిగింది దొంగతనమైతే దొంగతనం అనే రాయండి, మర్యాదగానే పట్టుబట్టండి. ఘటన జరిగిన చోటు తమ పరిధిలోకి రాదని వెనక్కి పంపబోతే, జీరో ఎఫ్ఐఆర్ కింద ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయవచ్చని 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఉంది. 173వ సెక్షన్. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెప్తుంది. కంప్లయింట్ నంబరు, స్టేషన్ ముద్ర ఉన్న కాపీ చేతికి వచ్చాకే బయటికి రండి. రెండూ సీఈఐఆర్ ఫారంలో అడుగుతారు.

ఇక అసలు చిక్కుముడి డూప్లికేట్ సిమ్. సీఈఐఆర్ ఓటీపీ పోయిన నంబరుకే పంపుతుంది, ఫారంలో ప్రధాన నంబరుగా దాన్నే ఇవ్వాలి. కాబట్టి ముందు ఆ నంబరు మీ చేతికి తిరిగి రావాలి. దానికి సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే తమ గుర్తింపు కార్డుతో కంపెనీ స్టోరుకు రావాలి. మన ఉదాహరణలో అమ్మాయి ఆదివారం తన ఆధార్‌తో వెళ్తే ఖాళీ చేతులతో తిరిగి వస్తుంది. ఎంత బతిమాలినా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అలా ఎవరడిగితే వాళ్లకు ఇచ్చేస్తే రేపు మీ నంబరునూ ఎవరో ఒకరు పట్టుకుపోతారు. నాన్నగారు సోమవారం ఊరి నుంచి వచ్చి వేలిముద్ర వేశాక ఉదయం 11 గంటలకు కొత్త సిమ్ పనిచేయడం మొదలైందనుకుందాం. కాల్స్ వస్తున్నాయి, డేటా వస్తోంది. ఇక సంతోషంగా సీఈఐఆర్ తెరుస్తారు, ఓటీపీ రాదు.

కారణం ఇదీ. సిమ్ మార్చాక 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు రాకుండా, పోకుండా ఆపేయాలన్నది నియమం. దొంగ కాగితాలతో మీ పేరున డూప్లికేట్ సిమ్ తీసి బ్యాంకు ఖాతా ఊడ్చేసే మోసగాళ్లను అడ్డుకోవడానికి పెట్టారు. సిమ్ పాడైందని, ఓటీపీ మళ్లీ మళ్లీ నొక్కితే వస్తుందని, స్టోరులో ఎవరికో డబ్బిస్తే తెరుస్తారని అనుకోవద్దు. మంగళవారం 11 దాటాక తనంతట తానే వస్తుంది. కొత్త ఫోన్‌లో యూపీఐ పెట్టుకోబోయినా సోమవారం కుదరదు, ఎందుకంటే యూపీఐ యాప్ మీ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపి నంబరును నిర్ధారించుకుంటుంది. ఆ ఒక్కరోజు ఖర్చులకు చేతిలో నగదు పెట్టుకోండి. కంపెనీ మీద కోపం వచ్చి వేరే నెట్‌వర్క్‌కు మారదామన్నా, సిమ్ మార్చిన 7 రోజుల లోపు పోర్టింగ్ కుదరదు.

మంగళవారం మధ్యాహ్నం ఫారం నింపడం పావుగంట పని. sancharsaathi.gov.in లో Block Stolen/Lost Mobile తెరిచి ఫోన్ వివరాలు, రెండు ఐఎంఈఐలు, పోయిన చోటు, తేదీ, స్టేషన్ పేరు, కంప్లయింట్ నంబరు ఇచ్చి, కంప్లయింట్ కాపీ, గుర్తింపు కార్డు అప్‌లోడ్ చేయాలి. కొన్న బిల్లు ఉంటే అదీ జత చేయండి. ఓటీపీ ఇచ్చాక ఒక Request ID వస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్‌తో పాటు కాగితం మీద కూడా రాసిపెట్టుకోండి. ఈ వివరాలతో ఇప్పటికే దరఖాస్తు ఉందని తెరమీద వస్తే భయపడకండి, ఎవరో మోసం చేశారని కాదు. పోలీసులు తమ లాగిన్ నుంచి ముందే పెట్టేసి ఉండవచ్చు, స్టేషన్‌లో అడిగి ఆ ఐడీ తీసుకోండి.

ఆ తర్వాత 24 గంటల్లో ఫోన్ బ్లాక్ అవుతుంది. అయిందో లేదో తెలుసుకోవడానికి మీ ఐఎంఈఐని ఇలా రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపండి:

```
KYM 123456789012345
```

బ్లాక్ చేస్తే ఇక పోలీసులు వెతకలేరేమో అని కొందరు ఆగిపోతారు. అలా ఏమీ లేదు. బ్లాక్ అయిన ఫోన్‌లో ఎవరైనా సిమ్ వేసి నెట్‌వర్క్ పట్టించాలని చూస్తే ఆ సమాచారం వ్యవస్థకు చేరుతుంది, దాని ఆధారంగానే పోలీసులు ఫోన్ పట్టుకుంటారు. అయితే దీనికి హద్దులున్నాయి. బ్లాక్ పనిచేసేది భారతదేశంలోని మొబైల్ నెట్‌వర్క్‌ల మీదే. వైఫైతో ఫోన్ నడుస్తుంది, దేశం దాటితే అక్కడి నెట్‌వర్క్ పట్టుకోవచ్చు. మ్యాపులో చుక్క కనిపించిందని ఒంటరిగా ఆ ఇంటి తలుపు తట్టకండి. ఆ చుక్క పక్కింటిదీ కావచ్చు, లోపలున్నవాళ్లు ఎలాంటివాళ్లో మనకు తెలియదు. స్క్రీన్‌షాట్ తీసి స్టేషన్‌కు ఇవ్వండి.

కొన్ని రోజులకు "మీ ఫోన్ దొరికింది, లొకేషన్ కోసం ఈ లింకులో లాగిన్ అవ్వండి" అని మెసేజ్ వస్తే అది దొంగల పనే. ఖాతా పాస్‌వర్డ్ దొరికితే ఫోన్ తాళం తీసుకోవచ్చని వాళ్ల ఆశ. ఫోన్ నిజంగా దొరికితే స్టేషన్‌కు రమ్మంటారు, గుర్తింపు కార్డు చూసి చేతికిస్తారు. లింకులు, ఓటీపీలు, ఫీజులు ఏవీ ఉండవు.

ఫోన్ తెచ్చుకుని సిమ్ వేస్తే సిగ్నల్ రాకపోతే పాడైపోయిందనుకుని రిపేరుకు ఇవ్వకండి. బ్లాక్ ఇంకా ఉండటం వల్లే రావట్లేదు. అదే సైట్‌లో Un-Block Found Mobile తెరిచి, రాసిపెట్టుకున్న Request ID, ఫోన్ నంబరు, కారణం ఇచ్చి మరో ఓటీపీతో తీయించుకోవాలి. అందుకే ఆ ఐడీని పోయిన ఫోన్‌లో ఉన్న వాట్సాప్‌కు కాకుండా ఇంట్లో ఉండే కాగితం మీద రాయమన్నాను.