కోడ్‌లు కుప్పలుగా ఉన్నాయి, థియరీ మాత్రం రావట్లేదు: గ్రౌండెడ్ థియరీలో ఎక్కడ తప్పుతాం?

గ్రౌండెడ్ థియరీ అంటే ముందే ఒక సిద్ధాంతం పెట్టుకుని దాన్ని పరీక్షించడం కాకుండా, సేకరించిన ఇంటర్వ్యూలు, పరిశీలనల్లోంచే సిద్ధాంతాన్ని కట్టుకుంటూ రావడం. బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ 1967లో ఈ పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. కోడింగ్ అంటే సేకరించిన మాటల్లో ప్రతి ముక్కకీ ఒక చిన్న పేరు పెట్టడం, ఆ పేరే కోడ్. ఓపెన్, యాక్సియల్, సెలెక్టివ్ అనే మూడు రకాల కోడింగ్ మాత్రం 1990లో స్ట్రాస్, జూలియెట్ కార్బిన్ కలిసి రాసిన పుస్తకం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. కొత్తవాళ్లు చిక్కుకునేది ఎక్కువగా ఇక్కడే.

ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. హియరింగ్ ఎయిడ్ కొనుక్కున్న పెద్దవాళ్లలో కొందరు దాన్ని పెట్టుకోరు. ఎందుకని? ఇదే మన పరిశోధన అనుకుందాం. కింది మాటలన్నీ నేను కల్పించినవే.

సమస్య 1: ఓపెన్ కోడింగ్ అయిపోయింది, రెండొందల కోడ్‌లు వచ్చాయి, వాటితో ఏం చేయాలో తెలియట్లేదు

ఓపెన్ కోడింగ్ అంటే మొదటి విడతలో డేటాని ముక్కలుగా విడదీసి కోడ్‌లు పెట్టడం. మొదటి ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఇలా అన్నాడనుకోండి: "పదిమంది ఉన్నచోట తీసేస్తాను. అందరి గోలా ఒకేసారి తలలోకి దూరుతుంది. మనవరాలు వస్తే మాత్రం పెట్టుకుంటాను. మా అబ్బాయి అడిగితే పెట్టుకుంటున్నాననే చెబుతాను."

దీనికి చాలామంది పెట్టే కోడ్‌లు: శబ్దం, కుటుంబం, అబద్ధం. కారణం ఇక్కడే దొరికిపోతుంది. ఇవి విషయాల పేర్లు. "కుటుంబం" అనే కోడ్ కింద ఇరవై ఇంటర్వ్యూల ముక్కలు చేరతాయి గానీ, వాటిలో ఎవరు ఏం చేస్తున్నారో అది చెప్పదు. చివరికి మిగిలేది విషయసూచిక.

పరిష్కారం: ప్రతి ముక్క దగ్గరా "ఈ మనిషి ఇక్కడ ఏం చేస్తున్నాడు?" అని అడిగి, జవాబుని క్రియగా రాయండి. అప్పుడు అవే వాక్యాలు "గోల ఉన్నచోట తీసేయడం", "కావలసినవాళ్ల కోసం పెట్టుకోవడం", "పెట్టుకున్నట్టు చెప్పి గొడవ తప్పించుకోవడం" అవుతాయి. తర్వాత పోల్చడం మొదలుపెట్టండి. రెండో ఇంటర్వ్యూలో ఒకావిడ "డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు తప్పకుండా పెట్టుకుంటాను" అంది. ఇదీ ఎదుటివాళ్ల కోసం పెట్టుకోవడమే. కానీ పెద్దాయన మనవరాలి మాట వినడానికి పెట్టుకుంటే, ఈవిడ డాక్టర్‌కి కనబడటానికి పెట్టుకుంటోంది. ఈ తేడా కంటపడగానే కోడింగ్ ఆపి, నాలుగు వాక్యాల మెమో రాసుకోవాలి. మెమోలు లేని కోడ్‌ల జాబితాని ఆరు నెలల తర్వాత తెరిస్తే అది ఎవరో రాసినట్టే ఉంటుంది. నాకు అనుభవమే.

సమస్య 2: యాక్సియల్ కోడింగ్ పట్టికలో గడులన్నీ నిండాయి, కానీ జీవం లేదు

ఒకేలాంటి కోడ్‌లని ఒకచోట చేర్చి పెట్టే పెద్ద పేరు కేటగిరీ. యాక్సియల్ కోడింగ్ అంటే ఒక కేటగిరీని ఇరుసులా మధ్యలో పెట్టి, దాని చుట్టూ మిగతావాటిని అమర్చడం: ఏ పరిస్థితుల్లో అలా జరుగుతోంది, అప్పుడు మనుషులు ఏం చేస్తున్నారు, దానివల్ల ఏమవుతోంది. స్ట్రాస్, కార్బిన్ ఇచ్చిన నమూనా చూసి, ప్రతి కేటగిరీకీ ప్రతి గడీ నింపాలనుకోవడమే ఈ సమస్యకి కారణం. డేటాలో లేనిది కూడా గడి ఖాళీగా ఉందని వచ్చి కూర్చుంటుంది. గ్లేజర్ 1992లో వాళ్ల పద్ధతిని విమర్శించింది కూడా ఇందుకే. ఇలా చేస్తే సిద్ధాంతం డేటాలోంచి రాదు, డేటా మీద రుద్దినట్టవుతుందని ఆయన వాదన.

నా సలహా: నమూనాని ప్రశ్నల జాబితాగా మాత్రమే వాడండి. మన ఉదాహరణలో "ఎవరి మాట వినాలో ఎంచుకోవడం" అనే కేటగిరీ తీసుకుంటే, పరిస్థితి: చాలా గొంతులు కలిస్తే అలసట. చేసే పని: మెషీన్ తీసేసి, తలూపుతూ కూర్చోవడం. ఫలితం: "ఈయనకి మా మాటల మీద ఆసక్తి లేదు" అని ఇంట్లోవాళ్లు మాట్లాడటం తగ్గించేస్తారు. మాటలు తగ్గాయి కాబట్టి పెట్టుకోవాల్సిన అవసరమూ తగ్గుతుంది. గీత తిరిగి మొదటికే వచ్చింది చూడండి. ఇలాంటి చక్రం పట్టికలో కనపడదు, కాగితం మీద బాణాలు గీస్తే కనపడుతుంది. ప్రతి బాణం పక్కన ఏ ఇంటర్వ్యూ, ఏ వాక్యం అని రాయండి. రాయలేకపోతే బాణం చెరిపేయండి.

సమస్య 3: ఇరవై ఇంటర్వ్యూలూ ముందే చేసేశాను, ఇప్పుడు ఖాళీలు కనపడుతున్నాయి

అన్నిట్లోకీ ఖరీదైన తప్పు ఇదే. థియరెటికల్ శాంప్లింగ్ అంటే తర్వాత ఎవరిని కలవాలో ఇప్పటిదాకా చేసిన విశ్లేషణే చెప్పడం. జనాభాకి ప్రతినిధులు కావాలని కాదు, కేటగిరీలోని ఖాళీని ఎవరు పూరించగలరో వాళ్లు కావాలి. అందుకే ఇద్దరు ముగ్గుర్ని కలిసి, కోడ్ చేసి, ఆ తర్వాతే మిగతావాళ్ల దగ్గరికి వెళ్లాలి.

ఎలాగంటే, మన దగ్గర ఇప్పుడు "ఎవరి మాట వినాలో ఎంచుకోవడం" ఉంది. ఇప్పటిదాకా కలిసింది ఇంట్లో ఉండే రిటైరైనవాళ్లనే. మరి ఎంచుకునే వీలు లేనివాళ్లో? రోజంతా మనుషులతో మాట్లాడే ఉద్యోగంలో ఉన్నవాళ్లని వెతకాలి. అలాంటి ఒకాయన "పనిలో తీయడం కుదరదు. ఇంటికొచ్చి తీసేస్తే ఇంకెవరి మాటా వినబుద్ధి కాదు" అంటాడు. ఎంచుకునే వీలు పనిలో లేదు, ఇంట్లో ఉంది. అంటే మన కేటగిరీకి ఒక కొత్త గుణం దొరికింది: ఎంచుకునే స్వేచ్ఛ ఎంత. తర్వాత ఒంటరిగా ఉండేవాళ్లని, రోజంతా ఇబ్బంది లేకుండా పెట్టుకునేవాళ్లని కలవాలి. మన ఆలోచన తప్పని చూపించగలిగేవాళ్లు కాబట్టి ఈ చివరివాళ్లని అస్సలు వదలకూడదు. అడిగే ప్రశ్నలూ ఇలాగే మారుతూ పోతాయి.

ఇంటర్వ్యూలు అయిపోయినవాళ్లకి ఒక దారి ఉంది. పాత ప్రతుల్లోకే కొత్త ప్రశ్నతో వెళ్లండి, వీలైతే పాతవాళ్లలో ఇద్దర్ని మళ్లీ కలవండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎథిక్స్ కమిటీకి ఇచ్చే పత్రంలోనే "ఎవరిని కలుస్తామో, ఏం అడుగుతామో మధ్యలో మారవచ్చు" అని రాసి పెట్టుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

"కొత్తగా ఎవరూ ఏమీ చెప్పట్లేదు, శాచురేషన్ వచ్చేసింది" అనే మాట కూడా అనుమానించదగ్గదే. ఒకే రకం మనుషుల్ని కలిస్తే ఒకే మాట వినపడుతుంది మరి. కావాలని వేరే రకం వాళ్లని కలిసినా కేటగిరీకి కొత్త గుణం చేరకపోతే అప్పుడు ఆ మాట చెల్లుతుంది.

సమస్య 4: సెలెక్టివ్ కోడింగ్‌లో కోర్ కేటగిరీ ఏదో తేలట్లేదు

సెలెక్టివ్ కోడింగ్ అంటే అన్నిటినీ కలిపి ఉంచే ఒక కోర్ కేటగిరీని ఎంచుకుని, మిగతా కేటగిరీలని దానికి ముడిపెట్టడం. సాధారణంగా ఎక్కువసార్లు వచ్చిన కోడ్‌నే కోర్‌గా ఎంచుకోవడం వల్ల ఈ సమస్య వస్తుంది. మన డేటాలో "గోల" అందరూ అన్నారనుకోండి. కానీ డాక్టర్ రోజు మాత్రమే పెట్టుకునే ఆవిడ గురించి గోల ఏమీ చెప్పదు. లెక్కలు పక్కనపెట్టి, "ఇక్కడ అసలు ఏం జరుగుతోంది?" అనే ప్రశ్నకి జవాబుగా అరపేజీ కథ రాయండి. ఏ కేటగిరీ తీసేస్తే కథ కూలిపోతుందో అదే కోర్. మన కథలో అది "ఎవరి మాట వినాలో ఎంచుకోవడం". ఆవిడ దీనికీ పూర్తిగా ఇమడదు, ఎందుకంటే ఆవిడది వినడం కాదు, కనబడటం. అలాంటప్పుడు ఆవిడని పక్కన పెట్టకుండా కేటగిరీనే "ఎవరి కోసం పెట్టుకోవాలో ఎంచుకోవడం" అని మార్చి, పాత ఇంటర్వ్యూల మీద మళ్లీ వేసి చూడాలి.

ఇంకో చిన్న తికమక: గ్లేజర్ కూడా సెలెక్టివ్ కోడింగ్ అనే మాట వాడతాడు. ఆయన దృష్టిలో అది కోర్ దొరికాక, దానికి సంబంధించినవి మాత్రమే కోడ్ చేయడం. రెండు పుస్తకాలూ కలిపి చదివితే తల తిరుగుతుంది. థీసిస్‌లో ఎవరి పద్ధతి వాడుతున్నారో మొదట్లోనే ఒక వాక్యంలో చెప్పేయండి.