నాలుగు బిట్ల యాడర్-సబ్‌ట్రాక్టర్: ఓవర్‌ఫ్లో దీపం అబద్ధం చెబుతుంటే

ల్యాబుల్లో సాధారణంగా కట్టే సర్క్యూట్‌నే తీసుకుందాం. ఒక 74ఎల్‌ఎస్283 యాడర్, B బిట్లను తిరగేయడానికి ఒక 7486 లోని నాలుగు ఎక్సార్ గేట్లు, కంట్రోల్ తీగ M. M సున్నా అయితే కూడిక, ఒకటి అయితే తీసివేత. సంఖ్యలు టూస్ కాంప్లిమెంట్‌లో, అంటే −8 నుంచి 7 వరకు.

సమస్య: జవాబులో ఒకటి తేడా

కూడికలు సరిపోతున్నాయి, 6 − 2 కి మాత్రం 3 వస్తోంది. క్యారీ ఇన్‌పుట్ C0 ను గ్రౌండుకు కట్టేసి ఉంటారు. ఎక్సార్ గేట్లు బిట్లను తిరగేస్తాయి, అంతే. ఆపైన కలపాల్సిన ఒకటి C0 నుంచే రావాలి.

తీసివేత బాగానే ఉండి 3 + 2 కి 6 వస్తే కథ వేరు: C0 ను దేనికీ కలపలేదు. ఈ రకం చిప్‌లో ఖాళీగా వదిలిన ఇన్‌పుట్ సాధారణంగా ఒకటిలా ప్రవర్తిస్తుంది. రెండింటికీ మందు ఒకటే: M తీగను C0 కు, అంటే ఏడో పిన్‌కు కలపండి.

సమస్య: 6 − 2 కే ఓవర్‌ఫ్లో వెలుగుతోంది, 5 + 4 కు వెలగడం లేదు

దీపాన్ని యాడర్ నుంచి బయటికి పోయే క్యారీ C4 కు కట్టారు. చాలామంది పడే గుంత ఇదే. 6 − 2 లో 0110, 1101, మరో 1 కలిస్తే 0100 వచ్చి క్యారీ బయటికి పోతుంది. జవాబు 4, తప్పేమీ లేదు. 5 + 4 లో క్యారీ రాదు, కానీ 1001 అంటే −7. పైబిట్‌లోకి వచ్చే క్యారీ, దాని నుంచి బయటికి పోయే క్యారీ వేర్వేరుగా ఉంటేనే ఓవర్‌ఫ్లో.

చిక్కేమిటంటే పైబిట్‌లోకి వచ్చే క్యారీకి, అంటే C3 కు, 74ఎల్‌ఎస్283 లో పిన్ లేదు. దాన్ని మనమే రాబట్టుకోవాలి. కింద A3, B3, S3 అంటే పైబిట్లు, V అంటే ఓవర్‌ఫ్లో. మొత్తానికి అదనంగా మూడు ఎక్సార్ గేట్లు పడతాయి, రెండో 7486 చాలు.

```
X3 = B3 ⊕ M
C3 = A3 ⊕ X3 ⊕ S3
V  = C3 ⊕ C4
```

సమస్య: కూడికలో దీపం సరే, తీసివేతలో అంతా తలకిందులు

X3 బదులు నేరుగా B3 తీగను తెచ్చి కలిపారు. M ఒకటైనప్పుడు ఆ రెండూ ఎప్పుడూ విరుద్ధమే, కనుక V కూడా ప్రతిసారీ తిరగబడుతుంది. ఆ తీగను ఎక్సార్ గేటు దాటాక, యాడర్ ఇన్‌పుట్ దగ్గర తీసుకోండి.

సరిచేశాక 0 − (−8) వేసి చూడండి. 0000, 0111, 1 కలిసి 1000 అవుతుంది, క్యారీ సున్నా. +8 నాలుగు బిట్లలో పట్టదు, దీపం వెలగాలి. ముందుగా B ని పూర్తిగా రుణం చేసి, ఆ గుర్తును బట్టి ఓవర్‌ఫ్లో తేల్చే సర్క్యూట్లు ఈ ఒక్క B దగ్గరే బోల్తా పడతాయి, ఎందుకంటే −8 ని రుణం చేసినా మళ్లీ 1000 యే వస్తుంది.