గిఫ్ట్ డబ్బాలో బిల్లు కనపడకుండా

అక్క పెళ్లిరోజుకి మిక్సీ ఆన్‌లైన్‌లో కొని నేరుగా వాళ్లింటికే పంపిస్తే, డబ్బాలో బిల్లు చూసి "ఇంత పెట్టి ఎందుకు కొన్నావురా" అని ఫోన్లోనే క్లాసు పీకింది. ఈసారి కార్ట్‌లో వస్తువు కిందే ఉన్న గిఫ్ట్ ఆప్షన్ టిక్ చేసి, రెండు లైన్ల మెసేజ్ రాసి, చివర నా పేరు పెట్టాను (లేకపోతే ఎవరు పంపారో తెలీదు). డబ్బులు ముందే కట్టేయాలి. అడ్రస్ అక్కది, ఫోన్ నంబరు మాత్రం నాది ఇచ్చాను, వస్తువు పేరుతో మెసేజ్‌లు తనకి వెళ్లకుండా. డెలివరీ బాయ్ ఓటీపీ కోసం నాకే చేస్తాడు కాబట్టి ఆ రోజు ఫోన్ దగ్గరుండాలి.

కొందరు సెల్లర్ల వస్తువులకి ఈ ఆప్షన్ రాదు, అప్పుడు బిల్లు లోపలే వస్తుంది. ఆప్షన్ ఉన్నా డబ్బా మీద అచ్చేసిన ఎమ్మార్పీ ఎటూ పోదు.