దూరంలో చారలు, దగ్గర తేలే పాదాలు: ఎండ నీడల బయాస్ సరిచేయడం

లక్షణం

కెమెరాకు దూరంగా ఉన్న నేల మీద సన్నటి నల్ల చారలు పడుతుంటే అది షాడో యాక్నే. నీడ మ్యాప్‌లోని డెప్త్‌తో పోల్చేటప్పుడు ఇచ్చే చిన్న సడలింపే బయాస్. దాన్ని పెంచితే చారలు పోతాయి, కానీ దగ్గర్లో నిలబడ్డ మనిషి పాదాలకూ నీడకూ మధ్య సందు వచ్చి, గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తాడు. అది పీటర్ ప్యానింగ్. తగ్గిస్తే చారలు మళ్లీ హాజరు. ఈ రెంటి మధ్య స్లైడర్ ఎంత జరిపినా సరైన అంకె దొరకదు. కెమెరా నుంచి దూరాన్ని బట్టి ఎండ నీడను కొన్ని మ్యాప్‌లుగా విడగొడతాం, అవే క్యాస్కేడ్లు. వాటన్నిటికీ సరిపోయే ఒకే అంకె అంటూ లేదు.

ముందు చూడాల్సింది

ఒక్కో క్యాస్కేడ్‌కు ఒక్కో రంగు వేసి చూడండి. షేడర్‌లో రెండు లైన్ల పని, అయినా చాలామంది ఇది దాటేసి నేరుగా బయాస్ మీద పడతారు. చారలు ఒక రంగు సరిహద్దు దాటగానే మొదలవుతున్నాయా? అయితే బయాస్‌ను కొలిచే పద్ధతిలోనే తప్పుంది. అన్ని రంగుల్లోనూ ఒకేలా ఉంటే, మీరిచ్చిన బయాస్ షేడర్‌కు చేరుతోందో లేదో చూసుకోండి.

అసలు కారణం

బయాస్‌ను 0 నుంచి 1 వరకు ఉండే డెప్త్‌లో ఇస్తున్నాం. అది నిజంగా ఎన్ని సెంటీమీటర్లన్నది ఆ క్యాస్కేడ్ లైట్ కెమెరా నియర్, ఫార్ మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. కావలసిన బయాస్ మాత్రం నీడ మ్యాప్‌లోని ఒక్కో గడి, అంటే టెక్సెల్, సైజును బట్టి ఉంటుంది. ఈ రెండూ ఒకే నిష్పత్తిలో మారవు.

ఒక లెక్క చూద్దాం. 2048 మ్యాప్, నాలుగు క్యాస్కేడ్లు, సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో. మొదటి క్యాస్కేడ్ వెడల్పు 20 మీటర్లు, అంటే టెక్సెల్ దాదాపు 1 సెం.మీ. చివరిది 400 మీటర్లు, టెక్సెల్ దాదాపు 20 సెం.మీ. పక్క టెక్సెళ్లను కలిపి నీడ అంచును మెత్తబరిచే పీసీఎఫ్‌ను 3×3గా వాడితే టెక్సెల్‌కు ఒకటిన్నర రెట్లు, ఎండకూ నేల నార్మల్‌కూ మధ్య కోణం 60° కాబట్టి దాన్ని tan 60°తో గుణిస్తే, చదునైన నేలకు మొదటిదానిలో 2.5 సెం.మీ., చివరిదానిలో 51 సెం.మీ. బయాస్ కావాలి.

డెప్త్ రేంజ్ మొదటిదానిలో 100 మీటర్లు, చివరిదానిలో 600 అనుకోండి. 0.0005 ఇస్తే దగ్గర 5 సెం.మీ., దూరంలో 30 సెం.మీ. అవుతుంది. దగ్గర ఎక్కువైంది, దూరంలో చాలలేదు. 0.001 చేస్తే దూరంలో చారలు పోతాయి, దగ్గర మాత్రం నిలువు స్తంభం మొదలుకూ నీడకూ మధ్య దాదాపు 9 సెం.మీ. ఎండ పడుతుంది.

దీన్ని మించి దెబ్బతీసేది ఇంకోటుంది. దూరపు కొండ నీడ కూడా పడాలని ఎవరో మొదటి క్యాస్కేడ్ రేంజ్‌ను 1500 మీటర్లకు సాగదీస్తారు. బయాస్ అంకెను ఎవరూ ముట్టుకోలేదు, కానీ అదే 0.001 ఇప్పుడు ఒకటిన్నర మీటర్లు. చిన్న వస్తువుల నీడలు మాయమవుతాయి, తప్పు కోసం అందరూ షేడర్‌లో వెతుకుతారు. నిన్న బాగున్న నీడలు ఇవాళ ఊడిపోతే మొదట నియర్, ఫార్ విలువలే చూడండి.

పరిష్కారం

బయాస్‌ను టెక్సెల్‌లో లెక్కగట్టి, నేలమీది బిందువును నార్మల్ దిశలో జరపండి:

```glsl
float texel = cascadeWidth[c] / 2048.0;
float s = sqrt(max(0.0, 1.0 - NdotL * NdotL));
vec3 p = worldPos + N * (texel * 1.5 * s);
```

ఇక్కడ `p`ని లైట్ మ్యాట్రిక్స్‌తో గుణించి శాంపిల్ చేయాలి. `N`గా, `NdotL`లోనూ మెష్ నార్మల్‌నే వాడండి. నార్మల్ మ్యాప్ నుంచి తీసినది వాడితే ఇటుకల గోడ మీద కొత్త మచ్చలు పుడతాయి. పీసీఎఫ్ 5×5 చేస్తే 1.5ను 2.5 చేయాలి. టెక్సెల్ గడి నేలకు ఐమూలగా పడినప్పుడు చారలు మిగిలితే ఈ విలువను 1.4 రెట్ల వరకు పెంచవచ్చు.

పై లెక్కలో మొదటి క్యాస్కేడ్‌లో జరిగేది 1.3 సెం.మీ. మాత్రమే, అదీ పైకి. స్తంభం పక్కనున్న బిందువు స్తంభం పక్కనే ఉంటుంది కాబట్టి నీడ మొదలు ఊడదు, నీడ కొస మాత్రం 2 సెం.మీ. కురచవుతుంది. 1.3 సెం.మీ. కన్నా పలచటి వస్తువు నేల మీద పడి ఉంటే దాని నీడ పోతుంది, అది ఒప్పుకోవాల్సిన నష్టమే. డెప్త్ ఖచ్చితత్వం కోసం ఇంకాస్త స్థిర బయాస్ కావాలంటే మీటర్లలో పెట్టుకుని `(far - near)`తో భాగించి ఇవ్వండి.

కొండ నీడ కోసం రేంజ్ సాగదీయనక్కర్లేదు. నీడ మ్యాప్ గీసేటప్పుడు `GL_DEPTH_CLAMP` ఆన్ చేస్తే నియర్ ప్లేన్‌కు వెనకున్నవన్నీ దాని మీదికే అతుక్కుంటాయి, నీడ పడుతుంది, రేంజ్ చిన్నగానే ఉంటుంది. అయితే కల్లింగ్‌లో ఆ కొండను కొట్టేయకుండా చూసుకోవాలి.

కెమెరా తిరిగినప్పుడల్లా క్యాస్కేడ్ వెడల్పు మారుతుంటే టెక్సెల్, దానితో బయాస్ కూడా మారి చారలు పాకుతాయి. క్యాస్కేడ్ ముక్క చుట్టూ గోళం పట్టించి వెడల్పు స్థిరంగా ఉంచండి.

అరుదైనవి

ఫ్రంట్ ఫేస్ కల్లింగ్ చిట్కా మూసి ఉన్న మెష్‌లకే పనిచేస్తుంది, ఆకులకు వద్దు. చెట్ల మీద మాత్రమే చారలుంటే గాలి యానిమేషన్ నీడ పాస్‌లోనూ నడుస్తోందో లేదో చూడండి. 16 బిట్ల డెప్త్ 2000 మీటర్ల రేంజ్‌లో 3 సెం.మీ. మెట్లుగా విరుగుతుంది, రేంజ్ తగ్గించండి లేదా 32 బిట్లకు మారండి.