స్క్రీన్ మీద రాసి చూపించినా చూసేవాళ్లకు ఎందుకు అర్థం కావట్లేదు?

తిరుపతిలో ఎడిటింగ్ చేస్తుంటాను. మన చుట్టుపక్కల తీసే వ్యవసాయం వీడియోలు, కోచింగ్ పాఠాలే ఎక్కువ వస్తాయి. అందరూ తెచ్చే సమస్య ఒకటే: "అన్నా, కింద క్లియర్‌గా రాశాం, అయినా కామెంట్లలో అదే అడుగుతున్నారు."

ముందు ఇది చూడండి

వీడియోను మీ ఫోన్లో పెట్టి, చెయ్యి చాచినంత దూరం నుంచి ఒకసారి చూడండి. ఎడిటింగ్ మానిటర్ మీద కాదు. ఎంత చెప్పినా ఈ పని ఎవరూ చేయరు, సగం సమస్యలు ఇక్కడే దొరికిపోతాయి. అక్షరాలు చదవడానికి కళ్లు చికిలించాల్సి వస్తే సైజు చాలదు. 1080 వీడియోలో తెలుగు అక్షరం 60 పిక్సెళ్లకు తగ్గితే నేను ఒప్పుకోను, ఒత్తులు అలికేసినట్టు అయిపోతాయి. తర్వాత క్యాప్షన్లు ఆన్ చేసి చూడండి. అవి మీ పేరు పట్టీ మీదే వచ్చి కూర్చుంటే పట్టీని పైకి జరపండి. షార్ట్స్ అయితే అడుగున టైటిల్, కుడివైపు బటన్లు ఉంటాయి కాబట్టి ఆ రెండు చోట్లా ఏమీ రాయకండి.

అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి, అయినా అర్థం కావట్లేదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. దామలచెరువు వైపు మామిడి రైతుల కోసం తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కలిపే వీడియో ఒకటి చేశాను. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. కింద మూడు వరుసలు నీట్‌గా పెట్టాను, ఎనిమిది సెకన్లు ఉంచాను. అయినా "తుత్తం ఎంత వేయాలి?" అనే కామెంట్లే. సైజు పెంచాను, పసుపు రంగు వేశాను, వెనక నల్ల పట్టీ పెట్టాను. ఏమీ మారలేదు.

చివరికి ఒక పెద్దాయన పక్కన కూర్చుని వీడియో చూపించాను. ఆయన ఆపమని అడిగాడు: "ఏం నాయనా, నోటితో మైలుతుత్తం అంటుండారు, కింద కాపర్ సల్ఫేట్ అని రాసినారు. రెండూ వెయ్యాల్నా?"

తప్పు అక్షరాలది కాదు. ఒకే వస్తువుకు చెవికి ఒక మాట, కంటికి ఇంకో మాట ఇచ్చాను. రెండూ ఒకటేనా అని చూసేవాడు ఆలోచించేలోపు నీళ్ల లెక్క దాటిపోయింది. పైగా మూడు వరుసలూ ఒకేసారి రావడంతో, మాట్లాడే మనిషి మొదటి వరుసలో ఉండగానే కన్ను మూడోదానికి పోయింది.

ఇలా సరిచేశాను. ముందు ఆడియో మాత్రమే విని, నోటి నుంచి వచ్చిన మాటను వచ్చినట్టే కాగితం మీద రాసుకున్నాను. స్క్రీన్ మీద అదే మాట, పక్కన అంకె, అంతే: "మైలుతుత్తం 1 కిలో". ఆ మాట పలికిన క్షణానికి ఆ వరుస రావాలి, ముందు రాకూడదు. తర్వాతిది దాని కింద చేరాలి. ప్యాకెట్ మీద కాపర్ సల్ఫేట్ అనే ఉంటుంది కదా అంటారా? అప్పుడు ఆ ముక్క నోటితోనూ చెప్పించి, ప్యాకెట్ చూపించి, ఆ ఒక్కచోటే రాయండి.

బొమ్మలోనూ ఇదే తప్పు దొరికింది. తుత్తం 50 లీటర్లలో, సున్నం 50 లీటర్లలో విడివిడిగా కలిపి, తుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోయాలి. వీడియోలో సున్నం డ్రమ్ము ఎడమవైపు ఉంది, నా యానిమేషన్‌లో కుడివైపు గీశాను. బాణం సరైనదే, అయినా చూసేవాడికి అడ్డదిడ్డం. డ్రమ్ముల వరుసను వీడియోలో ఉన్నట్టే మార్చి, కదలికను ఒక్క బాణానికే పరిమితం చేశాను. ఆ తర్వాత ఆ కామెంట్లు ఆగాయి.

మీ వీడియోకు ఈ జబ్బు ఉందో లేదో తేల్చుకోవడం తేలిక. ఫోన్ బోర్లా పెట్టి విని, విన్న పేర్లు రాసుకోండి. తర్వాత సౌండ్ తీసేసి చూసి, చదివిన పేర్లు రాసుకోండి. రెండు జాబితాల్లో ఒక్క పేరు తేడా వచ్చినా అక్కడే పట్టుకోండి.

పట్టీ చదివేలోపే మాయమవుతోంది

నిదానంగా, పైకి రెండుసార్లు చదవండి. అంతసేపు ఉండాలి. లోపలికి వచ్చే కదలికకు అర సెకను చాలు.

అక్షరాలు టైప్ అవుతూ రూపం మారిపోతున్నాయి

టైప్‌రైటర్ ఎఫెక్ట్ తెలుగుకు పనికిరాదు. "క్ష" వచ్చేలోపు "క", "క్" కనిపించి పోతాయి. పదం మొత్తం ఒకేసారి తీసుకురండి.

ఒత్తులు విడిపోయి కనిపిస్తే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద South Asian and Middle Eastern ఎంచుకోండి. డబ్బాలు కనిపిస్తే ఆ ఫాంట్‌లో తెలుగు లేదు, మార్చేయండి.